లక్ష్మి పేరుకు 63 స్థానాలు

‘లక్ష్మి’ అనే పేరు కాగితం మీద రాస్తే రెండే అక్షరాలు. ఆ పేరునే ఒక వెబ్‌సైట్ మన బ్రౌజర్‌లో కుకీగా దాచాలనుకుంటే, చాలామంది ప్రోగ్రామర్లు వాడే మామూలు పద్ధతిలో అది ఇలా తయారవుతుంది:

```
%E0%B0%B2%E0%B0%95%E0%B1%8D%E0%B0%B7%E0%B1%8D%E0%B0%AE%E0%B0%BF
```

లెక్కపెడితే 63 స్థానాలు. ఒక కుకీకి బ్రౌజర్ ఇచ్చే చోటు మొత్తం కలిపి 4,096 బైట్లు. ఇలా రాసుకుంటూ పోతే చిరునామా, ఊరు, నాలుగు వాక్యాల విన్నపం చేరేసరికి ఆ చోటు నిండిపోతుంది. అదే రాతను ముందు జీజిప్‌తో కుదించి, తర్వాత బేస్64 లిపిలోకి మారిస్తే దాదాపు ఒక పేజీ తెలుగు అదే చోట్లో పట్టవచ్చు. అది ఎలా సాధ్యం, ఎక్కడ వికటిస్తుంది, అసలు ఎప్పుడు చేయదగిన పని అన్నదే ఈ వ్యాసం.

కుకీ ఎందుకు పుట్టింది

వెబ్ సర్వర్‌కు జ్ఞాపకశక్తి లేదు. మనం ఒక పేజీ అడుగుతాం, అది ఇస్తుంది, అంతటితో మనల్ని మరిచిపోతుంది. రెండో పేజీ అడిగేటప్పటికి మనం దానికి కొత్తవాళ్లమే. 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో పనిచేస్తున్న లూ మోంటుల్లి దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. సర్వర్ ఒక చిన్న చీటీ రాసి బ్రౌజర్‌కు ఇస్తుంది. బ్రౌజర్ దాన్ని దాచుకుని, ఆ సైట్‌కు వెళ్లిన ప్రతిసారీ తిరిగి చూపిస్తుంది. ఆ చీటీయే కుకీ.

అప్పట్లో నెట్‌స్కేప్‌తో ఆన్‌లైన్ దుకాణం కట్టించుకుంటున్న ఎంసీఐ అనే టెలిఫోన్ కంపెనీ, కొనుగోలు సగంలో ఉన్న వివరాలను తన సర్వర్లలో పెట్టుకోవడానికి ఇష్టపడలేదు. ఆ సరుకుల జాబితాను కొనేవాడి కంప్యూటర్‌లోనే ఉంచాలన్నది దాని కోరిక. అంటే సగంలో ఉన్న పనిని సర్వర్‌లో కాకుండా బ్రౌజర్‌లో దాచడం కుకీ పుట్టుకలోనే ఉంది. సగం నింపిన దరఖాస్తును కుకీలో పెట్టాలనుకునే నేటి ప్రోగ్రామర్ అడుగుతున్నదీ అదే.

అయితే ఈ చీటీకి రెండు షరతులున్నాయి. మొదటిది కొలత. 2011లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 6265 అనే ప్రమాణపత్రం ప్రకారం బ్రౌజర్లు ఒక్కో కుకీకి కనీసం 4,096 బైట్లయినా ఇవ్వాలి. పేరు, విలువ, గడువు తేదీలాంటి హంగులు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. బ్రౌజర్లు ఆచరణలో ఆ కనీసాన్నే ఇంచుమించు గరిష్ఠంగా అమలు చేస్తున్నాయి. రెండోది లిపి. కుకీ విలువలో మామూలు ఇంగ్లిష్ కీబోర్డు గుర్తులు తప్ప మరేవీ ఉండకూడదు. వాటిలోనూ ఖాళీ, కామా, సెమికోలన్, జంట కొటేషన్ గుర్తు, వెనక్కి వాలిన గీత నిషిద్ధం. తెలుగు అక్షరాలకు అక్కడ నేరుగా ప్రవేశం లేదు.

ఒక్కో గుర్తుకు తొమ్మిది స్థానాలు ఎందుకు

కంప్యూటర్ లెక్కలో ‘లక్ష్మి’ రెండు అక్షరాలు కాదు, ఏడు గుర్తులు. ల, క, పొల్లు, ష, మళ్లీ పొల్లు, మ, గుడి. యూనికోడ్‌లో వీటిలో ప్రతిదానికీ సొంత సంఖ్య ఉంది. యూటీఎఫ్-8 పద్ధతిలో రాస్తే ప్రతి తెలుగు గుర్తుకూ మూడు బైట్లు పడుతుంది. ఏడు గుర్తులకు 21 బైట్లు.

ఈ బైట్లు కుకీకి నచ్చేవి కావు కాబట్టి, వెబ్ చిరునామాలలో వాడే శాత చిహ్నం పద్ధతిని తెచ్చి ఇక్కడా వాడతారు. దీనిలో ఒక్కో బైటుకు ఒక శాతం గుర్తు, రెండు అంకెలు కలిపి మూడు స్థానాలు. మూడు బైట్ల తెలుగు గుర్తుకు తొమ్మిది. ఇంగ్లిష్ అక్షరానికి ఈ బాధ లేదు. అది ఒక్క స్థానంలోనే కూర్చుంటుంది. 4,096 స్థానాలను తొమ్మిదితో భాగిస్తే వచ్చేది 455. అంటే కుకీ మొత్తం వాడుకున్నా 455 తెలుగు గుర్తులకు మించి పట్టవు. ఇంగ్లిష్‌లో పరీక్షించినప్పుడు చక్కగా పనిచేసిన సైట్ తెలుగులో నింపగానే తడబడటానికి ఇదొక కారణం.

బేస్64: మూడుకు నాలుగు

ఏ బైట్లనైనా కుకీకి నచ్చే గుర్తులుగా మార్చడానికి శాత చిహ్నం కంటే పొదుపైన దారి బేస్64. దీనిలో 64 గుర్తులే ఉంటాయి. ఇంగ్లిష్ పెద్దబడి అక్షరాలు 26, చిన్నబడి 26, అంకెలు 10, ఇవి కాక + మరియు / గుర్తులు. 64 గుర్తుల్లో ఒకదాన్ని సూచించడానికి ఆరు బిట్లు చాలు. మూడు బైట్లంటే 24 బిట్లు. వాటిని ఆరేసి చొప్పున విడగొడితే నాలుగు గుర్తులు వస్తాయి. కాబట్టి బేస్64లోకి మార్చిన ఏ సమాచారమైనా మూడింట ఒక వంతు పెరుగుతుంది. చివర బైట్లు మూడుకు సరిపడకపోతే = గుర్తుతో పూరిస్తారు.

తెలుగు గుర్తు సరిగ్గా మూడు బైట్లు కావడం ఇక్కడ కలిసొచ్చింది. ఒక్కో గుర్తు సరిగ్గా నాలుగు స్థానాలలో ఇముడుతుంది. ‘లక్ష్మి’ బేస్64లో ఇలా ఉంటుంది:

```
4LCy4LCV4LGN4LC34LGN4LCu4LC/
```

63 స్థానాల పేరు 28 స్థానాలకు వచ్చింది. ఇంకా ఏమీ కుదించలేదు, కేవలం లిపి మార్చాం. ఈ వరుసను జాగ్రత్తగా చూస్తే ప్రతి నాలుగు గుర్తుల మొదట 4L అని ఉంది. తర్వాత C గాని G గాని వస్తోంది. గుర్తును గుర్తు నుంచి వేరుచేస్తున్నది చాలావరకు చివరి స్థానమే. మన లిపి బైట్లలో ఇంత పునరుక్తి ఉంది. జీజిప్ బతికేది ఈ పునరుక్తి మీదే.

జీజిప్ ఏం చేస్తుంది

జీజిప్‌ను జాన్-లూ గైయీ, మార్క్ ఆడ్లర్ కలిసి తయారుచేసి 1992లో విడుదల చేశారు. అంతకుముందు యూనిక్స్ కంప్యూటర్లలో వాడే కుదింపు పద్ధతికి పేటెంట్ చిక్కులుండటంతో ఎవరైనా స్వేచ్ఛగా వాడుకునేలా దీన్ని రాశారు. దీని లోపల పనిచేసే యంత్రాంగం పేరు డిఫ్లేట్. జిప్ ఫైళ్లను మనకు అలవాటు చేసిన ఫిల్ కాట్జ్ దాన్ని రూపొందించాడు. డిఫ్లేట్‌లో రెండు పాత ఆలోచనలు కలిసి ఉన్నాయి.

మొదటిది అబ్రహాం లెంపెల్, జేకబ్ జివ్ 1977లో ప్రచురించిన పద్ధతి. భూమి రిజిస్ట్రేషన్ దస్తావేజులో మనిషి పేరు, తండ్రి పేరు, నివాసం మొదటిసారి పూర్తిగా రాసి, తర్వాత ‘సదరు’ అని ఊరుకుంటారు కదా, ఇదీ అదే పని చేస్తుంది. తేడా ఒక్కటే. జీజిప్ తన ‘సదరు’ను అంకెల్లో చెబుతుంది. ‘ఇన్ని బైట్లు వెనక్కి వెళ్లి, అక్కడి నుంచి ఇన్ని బైట్లు తెచ్చుకో’ అంటుంది. 32 కిలోబైట్ల దాకా వెనక్కి చూడగలదు. కనీసం మూడు బైట్లు కలిస్తేనే ఈ పద్ధతిని వాడుతుంది. తెలుగు గుర్తు కూడా మూడు బైట్లే కాబట్టి, ఒక్క పొల్లు రెండోసారి వచ్చినా అది దొరికిపోతుంది.

‘లక్ష్మి’లోనే చూడవచ్చు. ష కింద ఉన్న పొల్లు దగ్గరికి వచ్చేసరికి, ఆరు బైట్లు వెనక అదే పొల్లు ఉందని జీజిప్ గమనిస్తుంది. అంతటితో ఆగదు. మొదటి పొల్లు తర్వాత ష, రెండో పొల్లు తర్వాత మ ఉన్నా, ఆ రెండింటి మొదటి రెండు బైట్లు ఒకటే. కాబట్టి ‘ఆరు వెనక్కి వెళ్లి ఐదు తెచ్చుకో’ అని ఒకే ఆజ్ఞ రాస్తుంది. దానికి పట్టేది 13 బిట్లు. నేరుగా రాస్తే 40 బిట్లు పట్టేది.

రెండోది డేవిడ్ హఫ్‌మన్ 1952లో ప్రచురించిన పద్ధతి. తరచుగా వచ్చే బైటుకు పొట్టి సంకేతం, అరుదుగా వచ్చేదానికి పొడవు సంకేతం ఇవ్వడం దీని సూత్రం. తెలుగు రాతలో ప్రతి గుర్తుకూ మొదటి బైటు E0. రెండోది B0 గాని B1 గాని. రాత కొంచెం పొడవుగా ఉంటే ఈ మూడు బైట్లకే అతి పొట్టి సంకేతాలు దక్కుతాయి. యూటీఎఫ్-8 మన మీద వేసిన మూడు రెట్ల భారంలో ఎక్కువ భాగాన్ని జీజిప్ ఈ విధంగా తిరిగి దించేస్తుంది.

చిన్న రాతకు నష్టమే

ఇంత చెప్పాక ‘లక్ష్మి’ పేరును జీజిప్ చేసి చూద్దాం. డిఫ్లేట్ చేసిన భాగం 21 బైట్లు వస్తుంది. అసలు పేరు కూడా 21 బైట్లే. ఐదు బైట్లను ఒక్క ఆజ్ఞతో మిగిల్చినా, మిగతా బైట్లకు పొట్టి సంకేతాలు ఏర్పడేంత రాత అక్కడ లేదు. ఆ పైన జీజిప్ తన సొంత హంగులు చేర్చుకుంటుంది. ముందు 10 బైట్ల తల, వెనక 8 బైట్ల తోక. తలలో ఇది జీజిప్ అని చెప్పే గుర్తు, తయారైన సమయం లాంటివి ఉంటాయి. తోకలో సమాచారం చెడిపోయిందో లేదో తేల్చే తనిఖీ సంఖ్య, అసలు పొడవు ఉంటాయి. వెరసి 39 బైట్లు. బేస్64లో 52 స్థానాలు. జీజిప్ లేకుండా నేరుగా బేస్64 చేస్తే 28 స్థానాలే కదా!

కాబట్టి పేరు, ఫోను నంబరు లాంటి చిన్న విలువలకు జీజిప్ దండగ. పైథాన్ భాషలో వెబ్‌సైట్లు కట్టడానికి వాడే ఫ్లాస్క్ అనే పరికరం ఈ విషయాన్ని తెలివిగా తేలుస్తుంది. అది సెషన్ వివరాలను కుకీలో పెట్టేముందు కుదించి చూస్తుంది. కుదించినది నిజంగా చిన్నదైతేనే వాడుతుంది, లేకపోతే అసలు రూపాన్నే ఉంచుతుంది. కుదించానని గుర్తుగా కుకీ విలువ మొదట ఒక చుక్క పెడుతుంది. జీజిప్‌కు బదులు జెడ్‌లిబ్ అనే రూపాన్ని వాడుతుంది. లోపల అదే డిఫ్లేట్, హంగులు మాత్రం 18 బైట్ల బదులు 6 బైట్లే. కుకీలాంటి ఇరుకు చోట ఆ 12 బైట్లకు కూడా విలువ ఉంది.

ఒక దరఖాస్తు లెక్క

ఇప్పుడు అసలు సందర్భానికి వద్దాం. ఒక సైట్‌లో ఫిర్యాదు పత్రం ఉంది. పేరు, ఊరు, మండలం, ఆపైన సమస్య వివరణ. నింపేవారు మధ్యలో ఆపి మళ్లీ వస్తే, రాసినంతవరకు పోకుండా కుకీలో దాచాలి. రాత 2,000 తెలుగు గుర్తులు ఉందనుకుందాం. మాటల్లో చెప్పాలంటే రెండు మూడు వందల మాటలు.

యూటీఎఫ్-8లో అది 6,000 బైట్లు. శాత చిహ్నం పద్ధతిలో 18,000 స్థానాలు. ఆ దారి మూసుకుపోయింది. ఒట్టి బేస్64లో 8,000 స్థానాలు. అదీ పట్టదు. జీజిప్‌తో మూడో వంతుకు తగ్గిందనుకుంటే 2,000 బైట్లు, దాన్ని బేస్64 చేస్తే 2,668 స్థానాలు. ఇది పడుతుంది. నిజంగా ఎంత తగ్గుతుందన్నది రాతను బట్టి మారుతుంది. ఒకే ఊరి పేరు, ఒకే ఆఫీసు పేరు పదేపదే వచ్చే ఫిర్యాదు బాగా కుదురుతుంది. రకరకాల మాటలున్న ఉత్తరం అంతగా కుదరదు. అందుకే మొదటే బడ్జెట్ వేసుకోవాలి.

4,096లో కుకీ పేరుకు, హంగులకు పోగా విలువకు 3,800 స్థానాలు కేటాయిద్దాం. కుకీని ఎవరూ మార్చలేదని నిర్ధారించే సంతకానికి, విడదీసే చుక్కతో కలిపి 44 స్థానాలు. మిగిలింది 3,756. నాలుగుకు మూడు చొప్పున అది 2,817 బైట్లు. జీజిప్ హంగులు 18 తీసేస్తే 2,799. కుదించిన రాత దీనికి మించకూడదు. మూడో వంతు లెక్క నిలబడితే 2,799 తెలుగు గుర్తుల రాత పడుతుంది. మొదట చూసిన 455తో పోలిస్తే ఆరు రెట్లు.

పైథాన్‌లో ఈ పని ఇంతే:

```python
import gzip, base64

def pack(text):
    data = gzip.compress(text.encode("utf-8"), mtime=0)
    return base64.urlsafe_b64encode(data).decode().rstrip("=")
```

`mtime=0` అన్నది తలలోని సమయాన్ని సున్నా చేస్తుంది. అది లేకపోతే పాత పైథాన్ వెర్షన్లలో అదే రాత ప్రతి సెకనుకూ వేరే కుకీగా బయటికి వస్తుంది. చివరి వరుసలోని `rstrip` పూరింపు = గుర్తులను తీసేస్తుంది. చదివేటప్పుడు పొడవు చూసి వాటిని మళ్లీ చేర్చవచ్చు.

వరుస మాత్రం తారుమారు కాకూడదు. ముందు కుదింపు, తర్వాత బేస్64. ముందు బేస్64 చేసి తర్వాత కుదిస్తే చివరికి చేతిలో మిగిలేది కుకీకి పనికిరాని బైట్లే. పైగా ఖాళీలు, అంకెలు కలిసిన రాతలో ఒకే మాట మూడు రకాల బేస్64 రూపాలు తీసుకోవచ్చు. అది మూడు బైట్ల గుంపులో మొదట పడిందా, మధ్యలో పడిందా, చివర పడిందా అన్నదాన్ని బట్టి రూపం మారుతుంది. అప్పుడు జీజిప్‌కు పునరుక్తి సరిగా కనిపించదు.

ఎక్కడ చెడుతుంది, ఎలా తెలుస్తుంది

అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు నిశ్శబ్దంగా జరుగుతుంది. కుకీ కొలత దాటితే బ్రౌజర్ దాన్ని కత్తిరించదు, వాడేవారికి చెప్పదు. మొత్తానికే పక్కన పడేస్తుంది. అంతకుముందు అదే పేరుతో ఉన్న పాత కుకీ మాత్రం అలాగే ఉంటుంది. వాడేవారికి కనిపించేది ఏమిటంటే, నిన్న రాసినదంతా ఉంది, ఇవాళ చేర్చిన చివరి పేరా లేదు. సర్వర్ లాగ్‌లో ఏ తప్పూ నమోదు కాదు. కాబట్టి పంపేముందే సర్వర్ పొడవు కొలవాలి. మించితే పంపకుండా, ‘ఇంతకు మించి దాచలేం’ అని తెరమీద చెప్పాలి.

రెండోది + గుర్తు తెచ్చే తంటా. వెబ్‌లో ఫారాల రాతను చదివే పద్ధతిలో + అంటే ఖాళీ. కుకీని కూడా అదే పద్ధతితో విప్పే ప్రోగ్రాముల్లో బేస్64లోని + కాస్తా ఖాళీ అవుతుంది. పైథాన్ బేస్64 విప్పే పని మామూలుగా తనకు తెలియని గుర్తులను కిక్కురుమనకుండా వదిలేస్తుంది. అందుకని తప్పు కొన్నిసార్లు అక్కడ బయటపడక, తర్వాత జీజిప్ దగ్గర బయటపడుతుంది. కొన్ని కుకీలు తెరుచుకుంటాయి, కొన్ని తెరుచుకోవు. ఇలా అప్పుడప్పుడూ వచ్చే తప్పు కనబడితే మొదట అనుమానించాల్సింది + గుర్తునే. / గుర్తూ కొన్నిచోట్ల ఇబ్బందే. ‘లక్ష్మి’ చివరి గుడి బేస్64లో 4LC/ అయిందని పైన చూశాం. ఈ రెంటికీ బదులు - మరియు _ వాడే బేస్64 రకం ఉంది. ప్రమాణపత్రాల్లో దాన్ని చిరునామాలకు, ఫైలు పేర్లకు తగినదిగా చెప్పారు. పై ప్రోగ్రాములో వాడినది అదే.

మూడోది కొత్త వరుస. లైనక్స్‌లో `base64` ఆజ్ఞ ప్రతి 76 గుర్తులకూ ఒకసారి వరుస మారుస్తుంది. ఈమెయిల్ కాలం నాటి అలవాటు అది. ఆ ఫలితాన్ని అలాగే కుకీలో పెడితే విలువ మొదటి వరుస దగ్గరే తెగిపోవచ్చు. `-w0` అని చేరిస్తే అంతా ఒకే వరుసలో వస్తుంది. చేత్తో పరీక్షించుకోవాలంటే:

```
printf 'లక్ష్మి' | gzip -9n | base64 -w0
```

ఫలితం H4sI అని మొదలవుతుంది. ఏ జీజిప్ ఫైలైనా మొదటి మూడు బైట్లు 1F, 8B, 08. బేస్64లో అవి ఎప్పుడూ H4sI అవుతాయి. అందుకే కుకీల జాబితాలో ఈ నాలుగు గుర్తులతో మొదలయ్యే విలువ కనిపిస్తే లోపల జీజిప్ ఉందని చూడగానే చెప్పవచ్చు. జెడ్‌లిబ్ అయితే సాధారణంగా eJ అని మొదలవుతుంది. ఫ్లాస్క్ కుకీలు .eJ అని మొదలయ్యేది అందుకే.

ఇక ఒక కుకీలో పట్టకపోతే రెండు మూడు కుకీలుగా విడగొట్టవచ్చు కదా అనిపిస్తుంది. కొన్ని పరికరాలు అలా చేస్తాయి కూడా. అప్పుడు గోడ మరోచోట తగులుతుంది. బ్రౌజర్ ఆ కుకీలన్నిటినీ ఒకే వరుసలో కలిపి పంపుతుంది. ఎంజిన్‌ఎక్స్, అపాచీ లాంటి సర్వర్లు అలాంటి ఒక్క వరుసను సుమారు 8 కిలోబైట్ల దాకానే మామూలుగా అంగీకరిస్తాయి. మించితే 400 తప్పుతో తిప్పికొడతాయి. పైగా కుకీ పేజీతోపాటే కాదు, అదే సైట్ నుంచి వచ్చే ప్రతి బొమ్మకూ, ప్రతి స్క్రిప్టుకూ పంపే అభ్యర్థనతో మళ్లీ మళ్లీ వెళుతుంది. 4 కిలోబైట్ల కుకీ, పేజీలో 50 అభ్యర్థనలు ఉంటే 200 కిలోబైట్లు. అది కూడా మొబైల్‌లో దిగుమతి కంటే నెమ్మదిగా సాగే ఎగుమతి దారిలో.

కుదింపు రహస్యం కాదు

బేస్64 చూడటానికి గజిబిజిగా ఉంటుంది కాబట్టి గుప్తలిపి అనుకునేవారున్నారు. కాదు. పైన ఇచ్చినలాంటి ఒక్క ఆజ్ఞతో ఎవరైనా దాన్ని విప్పి చదవవచ్చు, మార్చి తిరిగి కట్టవచ్చు. కుకీలో ‘ధర 500’ అని ఉంటే ‘ధర 5’ అని దిద్ది పంపడం కష్టం కాదు. అందుకే సర్వర్ తన దగ్గర మాత్రమే ఉన్న రహస్య తాళంతో ఒక సంతకం లెక్కకట్టి కుకీ చివర చేర్చాలి. తిరిగి వచ్చినప్పుడు ముందు పొడవు చూడాలి, తర్వాత సంతకం సరిచూడాలి, ఆ తర్వాతే విప్పాలి. ఈ వరుసకు కారణముంది. డిఫ్లేట్ గరిష్ఠంగా వెయ్యి రెట్లకు పైగా కుదించగలదు. మూడు కిలోబైట్ల కుకీ విప్పితే మూడు మెగాబైట్లు కావచ్చు. అలాంటి కుకీలను వేల సంఖ్యలో పంపి సర్వర్ మెమరీని నింపేయాలనుకునేవారు ఉంటారు. సంతకం ముందు చూస్తే అవి గుమ్మం దాటవు. విప్పేటప్పుడు ఇన్ని బైట్లకు మించి విప్పవద్దని హద్దు పెట్టడం రెండో కాపలా.

కుదింపు ఒక్కోసారి రహస్యాన్ని బయటపెడుతుంది కూడా. 2012లో జూలియానో రిజో, థాయ్ డువాంగ్ అనే ఇద్దరు పరిశోధకులు క్రైమ్ అనే దాడిని చూపించారు. సురక్షిత వెబ్ అనుసంధానంలో అప్పట్లో సమాచారాన్ని ముందు కుదించి, తర్వాత గుప్తలిపిలోకి మార్చే వీలుండేది. దాడిచేసేవాడు తన ఊహను మన కుకీ ఉన్న అభ్యర్థనలోనే చొప్పిస్తాడు. ఊహ కుకీలోని అక్షరంతో కలిస్తే పునరుక్తి పెరిగి మొత్తం పొడవు తగ్గుతుంది. గుప్తలిపి అర్థం కాకపోయినా పొడవు బయటికి కనిపిస్తుంది. ఒక్కో అక్షరమే ఊహిస్తూ కుకీ మొత్తం రాబట్టవచ్చు. ఆ తర్వాత బ్రౌజర్లు ఆ స్థాయిలో కుదింపును మానేశాయి. మన దరఖాస్తు కుకీకి దీని నుంచి నేర్వదగిన నియమం ఒక్కటే. పాస్‌వర్డ్, బ్యాంకు వివరం, ఓటీపీ లాంటి రహస్యాన్నీ, బయటివారు రాయగలిగిన మాటలనూ ఒకే మూటలో కుదించి గుప్తలిపి చేయకూడదు. అసలు రహస్యాలు ఆ కుకీలో ఉండనే కూడదు.

ఎప్పుడు తగును

పోయినా మళ్లీ రాసుకోగల రాత, వెయ్యి నుంచి ఆరేడు వేల బైట్ల మధ్య కొలత, సర్వర్‌లో దాచుకునే ఏర్పాటు లేకపోవడం. ఈ మూడూ కలిసినప్పుడు జీజిప్, బేస్64 జోడీ మంచి పరిష్కారం. తెలుగు లాంటి లిపులకు ఇంకా మంచిది. రాత ఐదారు మాటలే అయితే ఒట్టి బేస్64 చాలు. పేజీలకు పేజీలు అయితే కుకీ జోలికి వెళ్లవద్దు. రాతను సర్వర్‌లో దాచి, కుకీలో ఒక గుర్తింపు సంఖ్య మాత్రం పెట్టండి. సర్వర్‌కు ప్రతిసారీ చేరనవసరం లేని రాత అయితే బ్రౌజర్‌లోని లోకల్ స్టోరేజ్ ఉంది. అందులో మెగాబైట్ల చోటు దొరుకుతుంది.

ప్రోగ్రాములు రాయని పాఠకులకూ ఇందులో ఒక పనికొచ్చే సంగతి ఉంది. రోజూ తెరుచుకునే ఒక సైట్ ఉన్నట్టుండి తెల్లటి పేజీ మీద ‘400 Bad Request’ అని, దాని కింద ‘Request Header Or Cookie Too Large’ అని చూపిస్తే, మీ నెట్‌కూ, మీ ఫోనుకూ ఏమీ కాలేదు. ఆ సైట్ మీ బ్రౌజర్‌లో పట్టేదానికంటే ఎక్కువ కుకీలు కుక్కిందని అర్థం. బ్రౌజర్ సెట్టింగుల్లోకి వెళ్లి ఆ ఒక్క సైట్ కుకీలను తొలగించి, మళ్లీ లాగిన్ అవ్వండి. అన్ని సైట్ల కుకీలూ తుడిచేయనవసరం లేదు.